మూడు సోడాలు, ఒకే ఆమ్లం

సోడా అనే మాటను మనం మూడు వేర్వేరు వస్తువులకు వాడతాం. ఎండన పడి వచ్చినప్పుడు బడ్డీ కొట్టు దగ్గర తాగేది గోలీ సోడా. శనగలు మెత్తగా ఉడకాలని, బజ్జీలు గుల్లగా రావాలని చిటికెడు వేసేది వంట సోడా. జిడ్డు బట్టలు నానబెట్టే వేణ్నీళ్లలో కలిపేది బట్టల సోడా. వీటిని మూడు గ్లాసుల్లో పెట్టి ఒక్కోదాంట్లో కాస్త పసుపు వేసి చూడండి. గోలీ సోడాలో పసుపు పసుపుగానే ఉంటుంది. వంట సోడా నీళ్లలో ఇటుక రంగు ఛాయ వస్తుంది. బట్టల సోడాలో మాత్రం పెళ్లికూతురి కాళ్లకు పెట్టే పారాణిలా ఎర్రబడిపోతుంది. పారాణి ఎరుపు కూడా ఇలా వచ్చిందే, పసుపులో సున్నం కలిస్తే.

రంగులు మూడైనా వీటి వెనక ఉన్న ఆమ్లం ఒక్కటే, కార్బోనిక్ ఆమ్లం. ఆ ఆమ్లం చేతిలో రెండు హైడ్రోజన్లున్నాయి. రెండూ తన దగ్గరే ఉన్నప్పుడు అది గోలీ సోడా. ఒకటి వదిలేస్తే మిగిలేది బైకార్బనేట్, అంటే వంట సోడాలో ఉన్నది. రెండోదీ వదిలేస్తే మిగిలేది కార్బనేట్, అంటే బట్టల సోడా. ఇలా రెండు హైడ్రోజన్లను రెండు విడతలుగా ఇచ్చే వాటిని ద్విప్రోటిక్ ఆమ్లాలంటారు. ఇంటర్ పిల్లలను బాగా తికమక పెట్టే లెక్కల్లో వీటిది ముందు వరస. నేను చాలా ఏళ్లు ఆ పాఠం చెప్పాను. లెక్క పెద్ద కష్టమేమీ కాదు, గ్లాసులో ఏం జరుగుతోందో కళ్లకు కట్టకపోవడం వల్లే తప్పులు వస్తాయి.

ముందు గోలీ సోడా సంగతి చూద్దాం. హైరమ్ కాడ్ అనే ఆంగ్లేయుడు 1872లో పేటెంటు తీసుకున్న సీసా అది. లోపలి గ్యాసు గోలీని పైకి నెట్టి, మూతి దగ్గరున్న రబ్బరు వాచర్‌కు అదిమి పెడుతుంది. ఆ గ్యాసే కార్బన్ డయాక్సైడ్. మన లెక్కకు లీటరు సోడాలో 4.4 గ్రాముల గ్యాసు కరిగి ఉందనుకుందాం. అంటే 0.1 మోల్. వాతావరణ పీడనం కింద, 25 డిగ్రీల దగ్గర, లీటరు నీళ్లలో 0.034 మోల్ మాత్రమే కరుగుతుంది కాబట్టి, ఇంత నిలవాలంటే సీసాలో దానికి మూడు రెట్ల పీడనం ఉండాలి. కరిగిన గ్యాసులో ఏ ఆరు వందల్లో ఒక అణువో మాత్రమే నీటితో కలిసి నిజమైన కార్బోనిక్ ఆమ్లంగా మారుతుంది. అయినా కరిగినదంతా కలిపి H₂CO₃ అనే రాస్తారు, పుస్తకాల్లో ఇచ్చే స్థిరాంకం కూడా ఆ మొత్తానికే సరిపోయేలా కట్టింది. నేనూ అలాగే రాస్తాను.

ఈ ఆమ్లం తన మొదటి హైడ్రోజన్ని వదిలే తీరును ఒక సంఖ్య చెబుతుంది, రెండోదాన్ని వదిలే తీరును మరో సంఖ్య చెబుతుంది. వీటిని వియోజన స్థిరాంకాలంటారు.

H₂CO₃ ⇌ H⁺ + HCO₃⁻   K₁ = 4.45 × 10⁻⁷

HCO₃⁻ ⇌ H⁺ + CO₃²⁻   K₂ = 4.69 × 10⁻¹¹

రెండోది మొదటిదాని కన్నా దాదాపు పదివేల రెట్లు చిన్నది. కారణం తేలికే. మొదటి హైడ్రోజన్ వెళ్లిపోయాక మిగిలిన దాని మీద రుణావేశం ఉంటుంది, హైడ్రోజన్ అయాన్ మీద ధనావేశం ఉంటుంది. రుణావేశం పట్టి లాగుతుంటే రెండోది అంత సులువుగా విడిపడదు.

మొదటి మెట్టు లెక్క ఇది. లీటరుకు 0.1 మోల్ ఆమ్లంలో x మోల్ విడిపోయిందనుకుందాం. హైడ్రోజన్ అయాన్లు x వస్తాయి, బైకార్బనేట్ కూడా x వస్తుంది, విడిపోని ఆమ్లం 0.1 − x మిగులుతుంది.

x² ÷ (0.1 − x) = 4.45 × 10⁻⁷

x చాలా చిన్నదని ముందే తెలుస్తోంది కాబట్టి కింద ఉన్న 0.1 − xని 0.1గానే తీసుకోవచ్చు. అప్పుడు x = 2.11 × 10⁻⁴ వస్తుంది. పీహెచ్ 3.68. ఇలా వదిలేసినప్పుడు వెనక్కి తిరిగి సరిచూసుకోవడం తప్పనిసరి. విడిపోయింది వెయ్యికి రెండు అణువులే కాబట్టి, వదిలేయడం వల్ల లెక్క ఏమీ చెడలేదు.

రెండో మెట్టు దగ్గరే అసలు తడబాటు. ఒకసారి తరగతిలో ఒక అమ్మాయి లేచి అడిగింది. “సార్, మొదటి మెట్టుకు ఒక పీహెచ్ వచ్చింది కదా, రెండో మెట్టుకు ఇంకో పీహెచ్ తీయాలా?” తరగతిలో సగం మందికి ఉన్న సందేహమే అది. ఆమె నోటుబుక్కులో బైకార్బనేట్‌ని కొత్త సీసాలో పోసినట్టు మళ్లీ మొదట్నుంచీ లెక్క మొదలైంది. హైడ్రోజన్ అయాన్లు y, కార్బనేట్ y, y² ÷ 2.11 × 10⁻⁴ = K₂ అని రాసుకుంది. కార్బనేట్ దాదాపు 1 × 10⁻⁷ వచ్చింది. అసలు విలువకు అది రెండు వేల రెట్లు ఎక్కువ.

“అమ్మా, గ్లాసు ఒక్కటే కదా,” అన్నాను. “అందులో హైడ్రోజన్ అయాన్ల గాఢత కూడా ఒక్కటే ఉంటుంది. ఏ అయాన్ ఏ మెట్టు నుంచి వచ్చిందో నీళ్లకు తెలియదు.”

రెండో మెట్టు మొదలయ్యేసరికే గ్లాసులో మొదటి మెట్టు వదిలిన హైడ్రోజన్ అయాన్లు 2.11 × 10⁻⁴ ఉన్నాయి. రెండో సమీకరణంలో కూడా ఆ సంఖ్యే పెట్టాలి. బైకార్బనేట్ కూడా అంతే ఉంది.

K₂ = [H⁺] × [CO₃²⁻] ÷ [HCO₃⁻]

పైన ఉన్న హైడ్రోజన్ అయాన్లూ కింద ఉన్న బైకార్బనేటూ సమానం కాబట్టి రెండూ కొట్టేసుకుపోతాయి. మిగిలేది కార్బనేట్ ఒక్కటే. అందుకే కార్బనేట్ గాఢత నేరుగా K₂కు సమానం, అంటే 4.69 × 10⁻¹¹. నలభై ఐదు లక్షల బైకార్బనేట్లకు ఒక్క కార్బనేట్ అన్నమాట. రెండో మెట్టు కొత్తగా ఇచ్చిన హైడ్రోజన్ అయాన్లూ అన్నే. 2.11 × 10⁻⁴కు వాటిని కలిపినా పీహెచ్‌లో మూడో దశాంశం కూడా కదలదు. కాబట్టి పీహెచ్‌ని నిర్ణయించేది మొదటి మెట్టే.

ఈ ఫలితంలో నాకెంతో ఇష్టమైన విషయం ఒకటుంది. సోడా కొట్టి బల్ల మీద వదిలేస్తే గ్యాసు పోతుంది. కరిగింది 0.034 మోల్‌కు పడిపోయిందనుకుందాం. హైడ్రోజన్ అయాన్లు 1.23 × 10⁻⁴కు తగ్గి, పీహెచ్ 3.91కి పెరుగుతుంది. బైకార్బనేట్ కూడా తగ్గుతుంది. కార్బనేట్ మాత్రం అప్పుడూ 4.69 × 10⁻¹¹ దగ్గరే ఉంటుంది. గాలిలో ఉన్న కాస్త కార్బన్ డయాక్సైడ్‌ని కరిగించుకుని కురిసే శుభ్రమైన వాన నీటి పీహెచ్ 5.6 దాకా ఉంటుంది. హైడ్రోజన్ అయాన్లు అందులో గోలీ సోడాకన్నా ఎనభై రెట్లకు పైగా తక్కువ. కార్బనేట్ మాత్రం మళ్లీ అంతే. ఆమ్లం పలచబడితే విడిపోవడానికి బైకార్బనేట్ తగ్గుతుంది నిజమే. దాన్ని విడిపోకుండా అణిచి ఉంచే హైడ్రోజన్ అయాన్లు కూడా అదే పాళ్లలో తగ్గుతాయి కాబట్టి ఒకదానికొకటి సరిపోతుంది.

ఇక రెండో గ్లాసులోని వంట సోడా. లీటరు నీళ్లలో 8.4 గ్రాములు, అంటే 0.1 మోల్ సోడియం బైకార్బనేట్ కరిగిద్దాం. దీన్ని ఆమ్లంగా మాత్రమే చూసి K₂తో లెక్క కడితే పీహెచ్ 5.66 వస్తుంది. పరీక్షల్లో ఈ జవాబు రాసే పిల్లలు చాలామంది. కానీ పీహెచ్ 5.66 అంటే పులుపు వైపు, అక్కడ పసుపు ఎర్రబడదు. మన గ్లాసులో మాత్రం ఎర్ర ఛాయ వచ్చింది. అంటే లెక్కలో ఏదో విడిచిపెట్టాం.

విడిచిపెట్టింది ఏమిటంటే, బైకార్బనేట్‌కు రెండు వైపులా దారి ఉంది. తన దగ్గర మిగిలిన హైడ్రోజన్ని ఇవ్వగలదు, పక్కవాడు ఇచ్చినదాన్ని పుచ్చుకోనూగలదు. గ్లాసులో ఎక్కువగా జరిగేది ఒక బైకార్బనేట్ ఇంకో బైకార్బనేట్‌కు ఇవ్వడమే.

2HCO₃⁻ ⇌ H₂CO₃ + CO₃²⁻

ఇచ్చినది కార్బనేట్ అవుతుంది, పుచ్చుకున్నది కార్బోనిక్ ఆమ్లం అవుతుంది. ఒకటికి ఒకటి కాబట్టి ఆ రెండూ ఎప్పుడూ దాదాపు సమానంగానే ఉంటాయి. ఈ సమానత్వాన్ని పట్టుకుని K₁ని K₂తో గుణిస్తే ఆ రెండూ, బైకార్బనేటూ కూడా కొట్టేసుకుపోయి, [H⁺] × [H⁺] మిగులుతుంది. కాబట్టి పీహెచ్ రెండు మెట్ల మధ్య సరిగ్గా సగంలో ఉంటుంది. స్థిరాంకాలను పీహెచ్ కొలమానంలోకి మారిస్తే మొదటిది 6.35, రెండోది 10.33. వాటి సగటు 8.34. వంట సోడా ఒక చెంచా ఎక్కువ వేసినా పీహెచ్ దాదాపు అక్కడే నిలుస్తుంది, ఎందుకంటే ఈ లెక్కలో గాఢత కనబడదు. మరీ పలచగా చేస్తే నీటి స్వంత అయాన్లు లెక్కలోకి వచ్చి ఈ సూత్రం చెడుతుంది.

గ్లాసులో ఏది ఎంత ఉందో ఇప్పుడు చెప్పొచ్చు. K₂ని K₁తో భాగిస్తే 1.05 × 10⁻⁴, దాని వర్గమూలం 0.0103. అంటే ప్రతి వంద బైకార్బనేట్లకు ఆమ్లం ఒకటి, కార్బనేట్ ఒకటి. మన 0.1 మోల్‌లో బైకార్బనేట్ 0.098, మిగతా రెండూ చెరి 0.001. గోలీ సోడాలో కోట్లలో వంతుగా ఉన్న కార్బనేట్ ఇక్కడ వందలో వంతు అయింది. ఈ నీళ్లను పొయ్యి మీద మరగనిస్తే ఆమ్లం వైపున్నది గ్యాసై బుడగలుగా పోతుంది. పోయినంత మేర కొత్త బైకార్బనేట్లు ఒకదానికొకటి ఇచ్చుకుంటూ కార్బనేట్ పెరుగుతూ పోతుంది. వంట సోడా ఎక్కువైన పదార్థం సబ్బు రుచి రావడంలో ఇదీ ఒక భాగమే.

మూడో గ్లాసు బట్టల సోడాది. ఇక్కడ హైడ్రోజన్లు రెండూ పోయాయి, కార్బనేట్ వాటిని నీళ్ల నుంచి తిరిగి లాక్కుంటుంది. కాబట్టి లెక్క అద్దంలో చూసినట్టు తిరగబడుతుంది. హైడ్రోజన్ అయాన్లకు బదులు హైడ్రాక్సైడ్ అయాన్లు, ఆమ్ల స్థిరాంకానికి బదులు క్షార స్థిరాంకం. నీటి స్థిరాంకం 10⁻¹⁴ని K₂తో భాగిస్తే 2.13 × 10⁻⁴ వస్తుంది. ఇది చిన్నదేమీ కాదు, అందుకని ఈసారి xని వదిలేయకుండా వర్గ సమీకరణం పూర్తిగా సాధించాలి. లీటరుకు 0.1 మోల్ సోడియం కార్బనేట్‌కు హైడ్రాక్సైడ్ 0.0045 వస్తుంది, బైకార్బనేట్ కూడా అంతే. కార్బనేట్ 0.0955 మిగులుతుంది. పీహెచ్ 11.65, పారాణి ఎరుపు అందుకే. గోలీ సోడాలో చివరి అయాన్ నేరుగా K₂కు సమానమైనట్టే, ఇక్కడ కార్బోనిక్ ఆమ్లం గాఢత నీటి స్థిరాంకాన్ని K₁తో భాగించినంత ఉంటుంది, అంటే 2.25 × 10⁻⁸.

ఇక్కడ తూకం విషయంలో ఒక జాగ్రత్త చెప్పాలి. బట్టల సోడా స్ఫటికాల్లో పది నీటి అణువులుంటాయి. 0.1 మోల్ కావాలంటే స్ఫటికాలైతే 28.6 గ్రాములు తూచాలి, నీరు పూర్తిగా పోయిన పొడైతే 10.6 గ్రాములు చాలు. గాలికి వదిలేసిన స్ఫటికాలు నీరు కోల్పోయి తెల్లగా పొడి బారతాయి. సగం ఆరిన దాన్ని తూస్తే అందులో ఎంత సోడా ఉందో చెప్పలేం. ప్రయోగశాలలో వేడిచేసి ఆరబెట్టిన పొడినే వాడేది అందుకే.

ఈ మూడు గ్లాసులూ ఒకే సీసాలో ఒకదాని తర్వాత ఒకటి కనబడే ప్రయోగం మా రోజుల్లో ఇంటర్లో చేయించేవారు. రెండు సూచికల అంశమాపనం అంటారు దాన్ని. శాంకవ కుప్పెలో 25 మిల్లీలీటర్ల 0.1 మోలార్ బట్టల సోడా నీళ్లు పోసి, రెండు చుక్కలు ఫినాఫ్తలీన్ వేస్తే గులాబీ రంగు వస్తుంది. పైనున్న బ్యూరెట్ నుంచి అంతే గాఢత గల హైడ్రోక్లోరిక్ ఆమ్లాన్ని చుక్కచుక్కగా వదలాలి. పన్నెండున్నర మిల్లీలీటర్లు పడ్డాక కార్బనేట్ సగం, బైకార్బనేట్ సగం ఉంటాయి. ఆ సమయంలో పీహెచ్ 10.33, రెండో మెట్టు సంఖ్యే. 25 దగ్గర గులాబీ రంగు పోతుంది. ఇప్పుడు కుప్పెలో ఉన్నది ఉప్పుతో కలిసిన వంట సోడా, పీహెచ్ 8.3 చిల్లర. అప్పుడు మిథైల్ ఆరెంజ్ వేసి మళ్లీ ఆమ్లం వదలాలి. 37.5 దగ్గర మొదటి మెట్టు సంఖ్య 6.35 కనబడుతుంది. 50 దగ్గర పసుపు రంగు నారింజలోకి తిరుగుతుంది. అప్పటికి ద్రావణం మొత్తం 75 మిల్లీలీటర్లు కాబట్టి కార్బోనిక్ ఆమ్లం లీటరుకు 0.033 మోల్, పీహెచ్ 3.92. కొట్టి వదిలేసిన గోలీ సోడాకు మనం కట్టిన లెక్కే ఇది, కుప్పె గోడల వెంట చిన్న చిన్న బుడగలు కూడా కనిపిస్తాయి.

మొదటిసారి చేసినప్పుడు నాకు 25, 25 రాలేదు. మొదటి రీడింగు 27, రెండోది 23 వచ్చింది. మొదటిది ఎక్కువ వస్తే సోడాలో కాస్టిక్ సోడా కలిసిందని పుస్తకంలో ఉంది కాబట్టి అదే రాసి చూపించాను. మా డిమాన్‌స్ట్రేటర్ గారు కాగితం చూసి, కుప్పె తిప్పుతూ పోశావా అని అడిగారు. తిప్పలేదు. తొందరలో ధారగా వదిలేశాను. ఆమ్లం పడిన చోట మాత్రం కార్బనేట్ రెండు మెట్లూ ఒకేసారి దిగిపోయి గ్యాసై లేచిపోయింది. మిగతా చోట్ల కార్బనేట్ ఇంకా అలాగే ఉంది. అలా గ్యాసైన ప్రతి అణువూ మొదటి మెట్టులోనే రెండు వంతుల ఆమ్లం తినేసింది, రెండో మెట్టుకు లేకుండా పోయింది. అందుకే మొదట ఎంత పెరిగిందో తర్వాత అంతే తగ్గింది, మొత్తం 50 మాత్రం చెక్కు చెదరలేదు. నిజంగా 10.6 గ్రాముల సోడాకు అదనంగా కాస్టిక్ సోడా కలిసి ఉంటే మొత్తం 50 దాటేది. తూకం సరిగ్గా తెలిసినప్పుడు ఈ మొత్తమే దొంగను పట్టిస్తుంది. మొదటి భాగంలో ఆమ్లాన్ని నెమ్మదిగా, కుప్పె తిప్పుతూ, చల్లని ద్రావణంలోకి వదలమనేది ఇందుకే.

బ్యూరెట్ లెక్కలు ఇంత విడివిడిగా రావడానికి కారణం 6.35కూ 10.33కూ మధ్యనున్న నాలుగు మెట్ల ఎడం. ఆ ఎడం లేకపోతే ఏమవుతుందో చూడాలంటే చింతపండు దగ్గరికి వెళ్లాలి. చింతపండు పులుపులో ముఖ్యమైనది టార్టారిక్ ఆమ్లం, అదీ ద్విప్రోటిక్ ఆమ్లమే. దాని రెండు సంఖ్యలు 3.04, 4.37. ఎడం ఒకటిన్నర కూడా లేదు. లీటరుకు 15 గ్రాములు, అంటే 0.1 మోల్ కరిగిస్తే మొదటి మెట్టు లెక్కతో హైడ్రోజన్ అయాన్లు 0.0091, పీహెచ్ 2.04 వస్తాయి. రెండో మెట్టు ఇచ్చేది 0.00004 మాత్రమే, మొదటిదానిలో అర శాతం. కాబట్టి చిక్కటి ద్రావణంలో మన సోడా సూత్రం ఇక్కడా నిలబడుతుంది. చూసుకోవాల్సింది స్థిరాంకాల మధ్య ఎడం కన్నా ముందు, మొదటి మెట్టు ఇచ్చిన హైడ్రోజన్ అయాన్ల ముందు K₂ ఎంత చిన్నదన్నది. వంద రెట్లు పలచన చేస్తే అది ఏడు శాతానికి పెరుగుతుంది, అప్పుడు రెండు మెట్లనూ కలిపి లెక్క కట్టక తప్పదు.

మధ్య మెట్టు దగ్గర మాత్రం తేడా కొట్టొచ్చినట్టు కనబడుతుంది. ఈ ఆమ్లానికి సగం కాస్టిక్ సోడా కలిపి, ఒక్క హైడ్రోజన్ మాత్రమే పోయేలా చేశామనుకోండి. వంట సోడాకు వేసిన లెక్కే ఇక్కడా వేస్తే, K₂ని K₁తో భాగించగా వచ్చినదాని వర్గమూలం 0.22 దాకా ఉంటుంది. వంద అణువుల్లో మధ్య మెట్టు మీద నిలిచేవి డెబ్బై. పదిహేను కిందికి దిగిపోయి ఉంటాయి, పదిహేను ఇంకా పై మెట్టు మీదే ఉంటాయి. వంట సోడాలో వందకు తొంభై ఎనిమిది నిలిచాయి. పై మెట్టు ఖాళీ కాకముందే రెండో మెట్టు దిగడం మొదలైపోయింది కాబట్టి, బ్యూరెట్ 25 దాటుతున్నప్పుడు పీహెచ్ 3.7 చుట్టూ మెల్లగా జారుతుందే తప్ప ఎక్కడా ఒక్కసారిగా దూకదు. అక్కడ ఏ సూచిక వేసినా రంగు పది మిల్లీలీటర్ల పొడుగునా సాగుతుంది. అందుకే టార్టారిక్ ఆమ్లాన్ని కొలిచేవాళ్లు 25 దగ్గర ఆగరు. మొదట్లోనే ఫినాఫ్తలీన్ వేసి, ద్రావణం రంగు లేకుండా ఉండగానే ఆ గీతను దాటించి, 50 దగ్గర లేత గులాబీ నిలిచేదాకా కాస్టిక్ సోడా వదులుతారు. వచ్చిన సంఖ్యను రెండుతో భాగిస్తారు.